కిరాయి ఇంటి గోడకు టీవీ: ఓనర్‌కు ఏమని రాయాలి?

ప్రశ్న: మేం హనుమకొండ నయీంనగర్‌లో మొదటి అంతస్తులో కిరాయికి ఉంటున్నాం. 11 నెలల అగ్రిమెంటు, 20,000 అడ్వాన్సు. మా 43 అంగుళాల టీవీ ఇప్పుడు టీపాయ్ మీద ఉంది. రెండేళ్ల బాబు దాన్ని పట్టుకుని లాగుతున్నాడు. హాలుకూ వంటింటికీ నడుమ ఉన్న గోడకు బిగిద్దామంటే, అగ్రిమెంటులో ‘గోడలకు మొలలు కొట్టరాదు’ అని రాసి ఉంది. ఓనర్ రిటైరైన సారు, జమ్మికుంటలో ఉంటారు. మంచివారే కానీ ఆ ఇల్లు దగ్గరుండి కట్టించుకున్నారు, ఇల్లంటే ప్రాణం. మేం దిగేముందే రంగులు వేయించారు. కింది పోర్షన్‌లో ఇదివరకున్న వాళ్లకు మొలల బొక్కలని చెప్పి అడ్వాన్సులో 3,000 పట్టుకున్నారట. మా ఆయనేమో ‘అడిగితే వద్దంటారు, బిగించేద్దాం, పోయేటప్పుడు లప్పం పెడితే అయిపోయె’ అంటున్నారు. నాకది నచ్చడం లేదు. ఫోన్లో అడుగుదామంటే మాట తడబడుతుంది. మర్యాదగా ఉత్తరం రాద్దామనుకుంటున్నా. అందులో ఏమేం ఉండాలి?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు మీవారి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో సగం నిజముంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం, కిరాయిదారు తాను బిగించుకున్న వస్తువును ఇల్లు తన చేతిలో ఉన్నంతవరకు విప్పుకుని తీసుకుపోవచ్చు. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలన్నదే షరతు. కానీ అదే సెక్షన్ మొదట్లో ఇంకో మాట ఉంది: ఇవన్నీ ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు. మీకు ఒప్పందం ఉంది, అందులో మొలలు వద్దని రాసి ఉంది. అడక్కుండా బిగిస్తే నాలుగు బొక్కల సంగతి పక్కకు పోయి, మాట తప్పారన్న సంగతి ముందుకొస్తుంది. అప్పుడు ఎంత చక్కగా లప్పం పెట్టినా అడ్వాన్సు దగ్గర మాట్లాడటానికి మీకు నోరుండదు. ఆయన నెలకోసారి వచ్చినా, కింది పోర్షన్ వాళ్లు ఫోన్ చేసినా డ్రిల్లు మోత దాగేది కాదు.

కాబట్టి అడగడమే మేలు, అదీ రాసి అడగడం. రాతలో అడిగితే ఆయన జవాబు కూడా రాతలోనే వచ్చే వీలుంటుంది. ఆ జవాబే అగ్రిమెంటులోని ఆ ఒక్క లైనుకు మీ మినహాయింపు.

ఇక ఉత్తరం. ఇలాంటి ఉత్తరాలు బెడిసికొట్టేది మర్యాద తక్కువై కాదు, వివరం తక్కువై. ‘టీవీ బిగించుకుంటాం, దయచేసి అనుమతించండి’ అని ఎంత వినయంగా రాసినా, చదివే ఆయన కళ్లముందు గోడంతా కొట్టి వైర్లు లాగిన దృశ్యమే మెదులుతుంది. ఏ గోడ, ఎన్ని బొక్కలు, ఎంత లోతు, ఎవరు కొడతారు, ఖాళీ చేసినప్పుడు ఎవరు సరిచేస్తారు: ఈ ప్రశ్నలు ఆయన అడగకముందే ఉత్తరంలో జవాబు దొరకాలి. అందుకని కాగితం ముందేసుకోకముందు ఒక గంట గోడ దగ్గర గడపండి.

టీవీ వెనక నాలుగు మర రంధ్రాలు ఉంటాయి. వాటి మధ్య దూరం టేపుతో కొలవండి. 43 అంగుళాల వాటిలో చాలావాటికి అడ్డం 200, నిలువు 200 మిల్లీమీటర్లు ఉంటుంది, కానీ అన్నింటికీ ఒకటే కాదు, బ్రాకెట్ కొనేముందు కొలవాల్సిందే. స్టాండు లేకుండా బరువెంతో టీవీతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఈ సైజువి సాధారణంగా 7 నుంచి 10 కిలోల మధ్య ఉంటాయి. బ్రాకెట్లలో గోడకు అతుక్కుని కదలకుండా ఉండే రకం ఒకటి, చెయ్యి చాపినట్టు ముందుకు లాగి పక్కకు తిప్పే రకం ఇంకొకటి. మీరు మొదటిదే ఎంచుకోండి. కదలని దాంట్లో బరువు స్క్రూల మీద కిందికే పడుతుంది. చెయ్యి చాపే దాంట్లో టీవీ గోడకు అడుగు దూరం వచ్చినప్పుడు పై స్క్రూలను బయటికి పెరుకుతున్నట్టు లాగుతుంది. సన్నగోడకు అది మంచిది కాదు. పైగా చిన్నబాబు ఉన్న ఇంట్లో లాగడానికి వీలయ్యే టీవీ ఎందుకు?

ఇప్పుడు మీరనుకున్న గోడ. హాలుకూ వంటింటికీ నడుమ గోడ మామూలుగా నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా గిలాబు కలుపుకుంటే అయిదున్నర దాకా వస్తుంది. తలుపు చౌకట్టు దగ్గర టేపు పెడితే తెలిసిపోతుంది. ఆ గోడకు అవతల ఏముందో వంటింట్లోకి వెళ్లి చూడండి. గట్టు ఎత్తు నేల నుంచి రెండు ముప్పావు అడుగులు ఉండి, పైన రెండడుగుల టైల్స్ ఉంటే, ఆ టైల్స్ పట్టీ దాదాపు నాలుగు ముప్పావు అడుగుల దాకా వస్తుంది. బాబు చేతికి అందకుండా టీవీ మధ్యభాగం నాలుగడుగుల ఎత్తులో పెడతారనుకుందాం. అంటే మీ నాలుగు బొక్కలూ సరిగ్గా టైల్స్ వెనకే పడతాయి. డ్రిల్లును సుత్తి మోడ్‌లో పెట్టి ఒత్తితే ఆ అదురుకు అవతల టైలు పట్టు వదిలి డొల్ల పలకొచ్చు, ఊడి గట్టు మీద కూడా పడొచ్చు. అంత పాత టైలు మళ్లీ అదే రకం దొరకదు. ఓనర్ అసలు భయపడాల్సింది ఇక్కడ, బహుశా ఆయనకూ అది ఇంకా తట్టి ఉండదు.

రెండో చిక్కు కుళాయి పైపు. సింకు మీద కుళాయి ఈ గోడకే ఉంటే పైపు వంటింటి వైపు నుంచి గోడను కొట్టి లోపల పెట్టి ఉంటారు. మామూలుగా వంటింటి ముఖం నుంచి ఒకటిన్నర, రెండంగుళాల లోపలే ఉంటుంది. 140 మిల్లీమీటర్ల గోడలో హాలు వైపు నుంచి 60 మిల్లీమీటర్లే కొడితే పైపు దాకా పోదు. 100 కొడితే పోతుంది. లోతు లెక్క ఉత్తరంలో ఎందుకు రాయాలో ఇప్పుడు తెలిసింది కదా. లోతు లెక్క సరిపోయినా కుళాయికి నేరుగా పైనా కిందా, అటూ ఇటూ అర అడుగు వదిలేయండి. కరెంటు వైర్లకూ అంతే. స్విచ్ బోర్డు నుంచి పైపు నిలువుగా పైకి పోతుంది, రెండు బోర్డులు ఒకే ఎత్తులో ఉంటే వాటి మధ్య అడ్డంగానూ పోయి ఉండొచ్చు.

ఇదంతా చూశాక అదే గోడ కావాలనిపిస్తుందో లేదో మీ ఇష్టం. హాలుకూ బెడ్రూంకూ నడుమ గోడ ఖాళీగా ఉంటే నేనైతే దాన్నే ముందు అడుగుతాను. అవతల దేవుడి అల్మారా ఉందేమో మాత్రం చూసుకోండి. దేవుడి వెనక గోడకు డ్రిల్లు పెట్టడం కొందరు ఓనర్లకు అస్సలు నచ్చదు. రెండు గోడలూ రాసి, నిర్ణయం ఆయనకే వదిలేయడం ఇంకా మంచిది. ‘సరేనా, కాదా’ అని అడిగితే కాదనడం సులువు. ‘ఇదా, అదా’ అని అడిగితే మనిషి ఆలోచనలో పడతాడు. పైగా దగ్గరుండి కట్టించుకున్న ఇంట్లో ఏ పైపు ఎటు పోయిందో ఆయనకన్నా ఎవరికి తెలుసు? అది అడిగారంటే ఆయన కూడా పనిలో భాగమవుతారు.

చివరగా ఒక ఫొటో. 43 అంగుళాల టీవీ దాదాపు 38 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల ఎత్తు ఉంటుంది. పాత పేపర్లు అతికించి ఆ సైజుకు కత్తిరించి, పెయింటర్లు వాడే కాగితపు టేపుతో గోడకు పెట్టండి. మామూలు ప్లాస్టర్ టేపు వాడితే కొత్త రంగు ఊడి వస్తుంది, అడగకముందే గోడ పాడవుతుంది. బొక్కలు వచ్చే నాలుగు చోట్ల పెన్నుతో చుక్కలు పెట్టి ఫొటో తీయండి. బ్రాకెట్ కిందికీ పైకీ ఎలా వస్తుందో అంచనాగా పెట్టినా చాలు.

ఉత్తరం ఇలా ఉండొచ్చు. మీ కొలతలు వేసుకుని మార్చుకోండి.

“గౌరవనీయులైన సార్‌కు నమస్కారాలు.

నయీంనగర్‌లో మీ ఇంట్లో మొదటి అంతస్తులో ఉంటున్న మేము ఒక విషయంలో మీ అనుమతి కోసం రాస్తున్నాం. మా బాబు టీపాయ్ మీది టీవీని పట్టుకుని లాగుతున్నాడు. మీద పడుతుందేమోనన్న భయంతో దాన్ని గోడకు బిగించాలనుకుంటున్నాం. గోడలకు మొలలు కొట్టరాదని అగ్రిమెంటులో ఉంది కాబట్టి ముందుగా మిమ్మల్ని అడుగుతున్నాం. మీరు సరే అనేదాకా గోడను ముట్టుకోము.

టీవీ 43 అంగుళాలది, బరువు 8 కిలోలు. కదలని రకం బ్రాకెట్ పెడతాం. మొత్తం నాలుగు రంధ్రాలు, ఒక్కొక్కటి 10 మి.మీ. వెడల్పు, 60 మి.మీ. లోతు. వైర్ల కోసం గోడ కొట్టము, పైనుంచే పట్టీలో తీసుకుంటాం.

హాలుకూ బెడ్రూంకూ మధ్య గోడ అయితే బాగుంటుందనుకుంటున్నాం. అది వద్దంటే వంటింటి వైపు గోడ ఉంది కానీ, అవతల టైల్స్, కుళాయి ఉన్నాయి. కరెంటు, నీళ్ల పైపులు ఎటు పోయాయో మీకే బాగా తెలుసు. ఏ గోడ మంచిదో మీరే చెప్పగలరు.

పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయిస్తాం. మీరు దగ్గరుండి చూస్తానంటే మీకు వీలైన రోజే పెట్టుకుంటాం.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బ్రాకెట్ తీసి, రంధ్రాలు పూడ్పించి, ఆ ఒక్క గోడకు ఇప్పుడున్న రంగే మా ఖర్చుతో వేయిస్తాం. రంగు పేరు, షేడ్ నంబరు చెబితే రాసి పెట్టుకుంటాం. మేం అలా చేయకపోతే ఆ గోడకు పెయింటర్‌కు అయిన ఖర్చు అడ్వాన్సులో పట్టుకోవచ్చు. బ్రాకెట్ ఉండనీయమంటే వదిలి వెళ్తాం.

ఫొటోలు జతచేశాం. ఆలోచించి మీకు వీలున్నప్పుడు చెప్పండి. ఆంటీకి మా నమస్కారాలు.

ఇట్లు,
(మీ ఇద్దరి పేర్లు, తేదీ)”

ఇందులో రెండు మాటలను తేలిగ్గా మార్చొద్దు. ‘ఆ ఒక్క గోడకు’ అన్నది మొదటిది. లప్పం పెట్టిన చోట మాత్రమే రంగు పూస్తే, పాత రంగు అప్పటికి వెలిసి ఉంటుంది కాబట్టి నాలుగు మచ్చలు ఎత్తి చూపినట్టు కనపడతాయి. ‘బొక్కలు పూడ్చి ఇస్తాం’ అని మాత్రమే రాస్తే ఆ మచ్చల దగ్గరే గొడవ మొదలవుతుంది. అలాగని ‘రంగులు వేయిస్తాం’ అని రాస్తే హాలంతా అనుకోవచ్చు. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గోడ అంటే 100 చదరపు అడుగులు. రెండు కోట్లకు ఒకటి రెండు లీటర్ల రంగు, ఒక మనిషి పని. మీరు మోయగలిగిన భారమే అది. రెండో మాట ‘పెయింటర్‌కు అయిన ఖర్చు’. మంచితనం కొద్దీ ‘మీకు తోచినంత పట్టుకోండి’ అని రాయబోతారేమో, రాయకండి. కింది పోర్షన్ వాళ్ల 3,000 కథ అలాంటి చోటే పుడుతుంది.

పంపేది వాట్సాప్‌లో అయినా, కాగితం మీద రాసి ఫొటో తీసి పంపండి. పెద్దాయనకు అది గౌరవంగా ఉంటుంది. కిరాయి ఇంకా కట్టని రోజుల్లో పంపొద్దు. కిరాయితో కలిపి కూడా పంపొద్దు, దానికీ దీనికీ ముడి పెట్టినట్టు ఉంటుంది. కిరాయి పడ్డ రెండు మూడు రోజులకు పంపండి.

ఆయన ఫోన్ చేసి ‘సరే అమ్మా, పెట్టుకోండి’ అంటే సంతోషం, కానీ అక్కడితో ఆపకండి. అదే రోజు ‘సార్, బెడ్రూం వైపు గోడకు టీవీ బిగించడానికి ఇవాళ ఫోన్లో ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు’ అని మెసేజ్ పెట్టండి. మర్యాదకు మర్యాద, రేపటికి ఆధారం. ఆయన కొడుకో అల్లుడో ఇంటి వ్యవహారం చూసుకునే రోజు వస్తే, నోటిమాట ఎవరికీ గుర్తుండదు.

‘సరే కానీ పోయేటప్పుడు హాలంతా రంగు వేయించాలి’ అంటే వెంటనే తల ఊపకండి. వాడకంలో మామూలుగా జరిగే అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాదని ఆ 108వ సెక్షనే అంటుంది. మూడు నాలుగేళ్లు ఉండి ఖాళీ చేస్తే ఆ హాలుకు ఎలాగూ రంగు వేయించాల్సిందే. ‘రెండేళ్లలోపు ఖాళీ చేస్తే ఆ గోడకు మేం వేయిస్తాం, ఆ తర్వాతైతే రంధ్రాలు పూడ్పించి ఇస్తాం’ అన్నది ఇద్దరికీ న్యాయంగా ఉండే మధ్యేమార్గం. దానికీ ఒప్పుకోకపోతే, ఆ ఖర్చుకు టీవీ స్టాండు వస్తుందా అని లెక్క చూసుకోండి. చాలాసార్లు వస్తుంది.

జవాబే రాకపోతే అది ఒప్పుకున్నట్టు కాదు. వారం చూసి ఒక్కసారి ఫోన్ చేయండి. ఉత్తరం ముందే పోయి ఉంటుంది కాబట్టి ‘సార్, ఉత్తరం చూశారా?’ అంటే చాలు, తడబడాల్సిన పని లేదు.

ఒప్పుకున్నారంటే, ఆ రోజు మాట నిలబెట్టుకోవడం ఎలక్ట్రీషియన్ చేతిలో కాక మీ కంట్లో ఉంటుంది. మంగళవారం వద్దని ఆంటీ అంటే వాదించకండి, బుధవారం చేయించండి. పని మొదలయ్యేముందు గోడ రెండు వైపులా ఫొటోలు తీసుకుని, హాలుకూ అవతలి గదికీ పోయే ఎంసీబీలు దించండి. డ్రిల్లు బిట్టుకు 60 మిల్లీమీటర్ల దగ్గర రంగు టేపు చుట్టమనండి, ఉత్తరంలో రాసిన లోతు దాటకుండా అదే గుర్తు. గిలాబు పెచ్చు లేవకుండా మొదట 6 మి.మీ. బిట్టుతో, తర్వాత 10తో కొట్టాలి. ఎర్ర ఇటుకకు సుత్తి మోడ్ అక్కర్లేదు, మామూలు తిప్పుడే సరిపోతుంది. రాలే పొడి చూస్తూ ఉండండి. ముందు గిలాబు బూడిద రంగు పొడి, అర అంగుళం దాటాక ఎర్రపొడి రావాలి. చివరిదాకా బూడిద రంగు ఇసుకపొడే వస్తూ, బిట్టు తేలిగ్గా దిగిపోతుంటే అది రెండు ఇటుకల నడుమ సిమెంటు సందు కావచ్చు. అక్కడ ప్లగ్గు సరిగా పట్టదు, స్క్రూ తిప్పుతుంటే దాంతోపాటే తిరుగుతుంది. అలాంటప్పుడు ‘ఇంకో బొక్క కొడదాం’ అని ఎలక్ట్రీషియన్ అంటాడు. అక్కడే ఆగి, బ్రాకెట్‌కు ఉన్న పొడవు గాడిలో కాస్త పక్కకు జరిపితే ఇటుక దొరుకుతుందేమో చూడమనండి. అయిదో బొక్క తప్పనిసరైతే, పాతదాన్ని ఆ రోజే పూడ్పించి, ఓనర్‌కు మీరే ఫొటోతో చెప్పండి. నాలుగు అన్నచోట అయిదు ఆయన కళ్లకే కనపడితే ఉత్తరమంతా అబద్ధమనిపిస్తుంది. తీగలకు గోడమీద వేసే ప్లాస్టిక్ పట్టీ కూడా రెండువైపులా అతుక్కునే టేపుతో వేస్తే, తీసేటప్పుడు రంగు లేస్తుంది. ఆ గోడకు ఎలాగూ రంగు వేయించి ఇస్తామన్నారు కాబట్టి, పట్టీని ఆ గోడ దాటి పోనీయకండి.

ఇక ‘వద్దు’ అంటే? కారణం ఒక్కసారి అడగండి. టైల్స్ అయితే గోడ మార్చుకోవచ్చు. గోడకే వద్దంటే అది ఆయన హక్కు, మళ్లీ మళ్లీ అడిగితే ఒరిగేదేమీ ఉండదు. అప్పుడు మీకు రెండు దారులు. ఒకటి, నేలమీద నిలబడే ఇనుప స్టాండు. అడుగున పీట వెడల్పుగా, బరువుగా ఉన్నది చూడండి. చక్రాలుంటే తాళం పడాలి, బాబు నెడితే కదలకూడదు. రెండోది, టీపాయ్ తీసేసి ఎత్తు తక్కువ, లోతు ఎక్కువ ఉన్న చెక్క అల్మారా మీద టీవీ పెట్టడం. టీవీ వెనక ఉన్న ఆ మర రంధ్రాలకే ఒక నైలాన్ పట్టీ బిగించి, దాని రెండో కొసను అల్మారా వెనక చెక్కకు స్క్రూతో బిగించేయాలి. అల్మారా మీదే కాబట్టి ఎవర్నీ అడగక్కర్లేదు. అల్మారా లోపల కింది అరలో పుస్తకాలో బియ్యం డబ్బాలో బరువు పెట్టి, పై అరలు ఖాళీగా ఉంచండి. సొరుగులు ఉన్న అల్మారా మాత్రం వద్దు, పిల్లలు వాటిని లాగి మెట్లలా ఎక్కుతారు, అప్పుడు టీవీతో పాటు అల్మారా కూడా ముందుకు ఒరుగుతుంది. ఉత్తరం జవాబు వచ్చేదాకా కూడా టీవీని టీపాయ్ మీద ఉంచకుండా ఈ ఏర్పాటు ఇవాళే చేసుకోండి.